గుమాస్తా రాత్రి చదువు, సేఫ్టీ ఆఫీసర్ కొలువు

మున్సిపల్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసేవారు రాత్రిళ్లు చదివి సేఫ్టీ ఆఫీసర్ కావాలనుకుంటే ముందుగా అడిగేది ఫీజు ఎంత, కోర్సు ఎన్ని నెలలు అని. ఈ రెండు ప్రశ్నలకూ కోర్సు నడిపేవాళ్లు వెంటనే జవాబు చెబుతారు. అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. సేఫ్టీ ఆఫీసర్‌గా చట్టం ఎవరిని ఒప్పుకుంటుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే రాత్రి చదువు సంగతి సగం తేలిపోతుంది.

మన దేశంలో సేఫ్టీ ఆఫీసర్ పదవిని పుట్టించింది చట్టమే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టానికి 1976లో చేసిన సవరణతో 40-బి అనే సెక్షన్ వచ్చింది. వెయ్యి మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలోనూ, పని ప్రమాదకరమని రాష్ట్ర ప్రభుత్వం భావించిన ఫ్యాక్టరీలోనూ సేఫ్టీ ఆఫీసర్‌ను పెట్టుకోవాలని అది చెప్పింది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం ఐదు వందల మంది పనిచేసే చోట ఇదే నిబంధన పెట్టింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఈ సంఖ్యలను తగ్గించింది. ఇప్పుడు మామూలు ఫ్యాక్టరీకి ఐదు వందల మంది, ప్రమాదకర ప్రక్రియలు నడిచే ఫ్యాక్టరీకి, నిర్మాణ పనులకు రెండు వందల యాభై మంది, గనికి వంద మంది ఉంటే సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి. అంటే పోస్టులు పెరుగుతాయి. కోర్సుల ప్రకటనల్లో ఈ మాట పెద్దక్షరాల్లో కనిపించడానికి కారణం అదే, ఆ మాట నిజమే కూడా.

అయితే పోస్టులు పెరిగినంత మాత్రాన అర్హతలు సడలవు. రాష్ట్రాల నియమావళులకు ఒరవడిగా నిలిచిన మాదిరి నియమాల ప్రకారం సేఫ్టీ ఆఫీసర్‌కు మూడు ఉండాలి. మొదటిది చదువు, దానితో ముడిపడిన అనుభవం. ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటే ఫ్యాక్టరీలో రెండేళ్లు, ఇంజినీరింగ్ డిప్లొమా గానీ, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ డిగ్రీ గానీ ఉంటే ఐదేళ్లు పనిచేసి ఉండాలి. ఆ ఏళ్లన్నీ సూపర్‌వైజరు హోదాలో గడిచి ఉండాలి. రెండోది, పారిశ్రామిక భద్రతలో రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన డిగ్రీ లేదా డిప్లొమా. మూడోది, అక్కడి కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష బాగా వచ్చి ఉండటం. తెలుగు గుమాస్తాకు మూడోదానితో పేచీ లేదు. చిక్కంతా మొదటి రెండింటితోనే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మనుషులు కల్పితమే గానీ, లెక్కలు మాత్రం పైన చెప్పిన నియమాలవే. కోస్తాలోని ఒక మున్సిపాలిటీలో ఒకామె జూనియర్ అసిస్టెంటు. కెమిస్ట్రీతో బీఎస్సీ చదివింది. విశాఖ దగ్గర పరవాడలో ఒక మందుల ఫ్యాక్టరీలో మూడేళ్లు పనిచేసింది. తండ్రి అదే మున్సిపాలిటీలో పనిచేస్తూ పోవడంతో కారుణ్య నియామకం కింద ఈ ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఇంజినీరింగ్ సెక్షన్‌లో కూర్చుంటుంది. డ్రైనేజీ, సెప్టిక్ ట్యాంకుల శుభ్రత, నీటి సరఫరా పనుల ఫైళ్లు ఆమె బల్ల మీదుగానే వెళ్తాయి. ఫ్యాక్టరీలో తనతో పనిచేసిన స్నేహితురాలు సేఫ్టీ విభాగంలోకి మారి మంచి జీతం తీసుకుంటోందని విన్నప్పటి నుంచి ఈమెకూ ఆ ఆలోచన మొదలైంది. ఇంట్లో పిల్లాడు పడుకున్నాక తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా సమయం దొరుకుతుంది. ఆ రెండు గంటలు దేనికివ్వాలన్నదే ఆమె ముందున్న ప్రశ్న.

ఆమె చేయాల్సిన మొదటి పని పాత ఫ్యాక్టరీ ఇచ్చిన ఎక్స్‌పీరియన్స్ లెటర్ తీసి చదవడం. మూడేళ్లలో మొదటి రెండేళ్లు క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో కెమిస్టు. చివరి ఏడాది ప్రొడక్షన్‌లో షిఫ్టు ఇన్‌చార్జి. బీఎస్సీ వారికి కావాల్సింది ఐదేళ్ల సూపర్‌వైజరు అనుభవం. షిఫ్టు ఇన్‌చార్జిగా గడిపిన ఏడాది అందులోకి నిస్సందేహంగా వస్తుంది. ల్యాబ్‌లో గడిచిన రెండేళ్లు ఫ్యాక్టరీ ఆవరణలోనే గడిచినా, కింద పనిచేసినవాళ్లు లేకపోతే వాటిని సూపర్‌వైజరు అనుభవమని వాదించడం కష్టం. అందులో తేలే లెక్క ఒక్క ఏడాది, ఎంత ఉదారంగా చూసినా మూడేళ్లు. చాలామంది ఈ లెక్క వేసుకోకుండానే కోర్సులో చేరతారు. డిప్లొమా చేతికొచ్చాక, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే ఈ లోటు బయటపడుతుంది.

మున్సిపాలిటీలో గడిచిన ఏళ్లు ఇందులోకి వస్తాయా? ఈ ప్రశ్నలో కొంత విషయముంది. ఫ్యాక్టరీల చట్టంలో ‘తయారీ ప్రక్రియ’ అన్నదాని నిర్వచనం ఊహించినదానికన్నా విశాలమైనది. నూనె, నీరు, మురుగునీరు పంపు చేయడం కూడా అందులో ఉంది. కాబట్టి తగినంతమంది సిబ్బంది ఉన్న మున్సిపల్ పంప్‌హౌస్ గానీ, మురుగునీటి పంపింగ్ స్టేషన్ గానీ చట్టం దృష్టిలో ఫ్యాక్టరీ కావచ్చు. అక్కడ షిఫ్టు నడిపే ఇంజినీరుకు ఆ అనుభవం పనికొస్తుంది. ఆఫీసులో ఫైలు నడిపే గుమాస్తాకు రాదు. పంప్‌హౌస్ కరెంటు బిల్లు పాస్ చేసినంత మాత్రాన పంప్‌హౌస్‌లో పనిచేసినట్టు కాదు.

ఇక రెండో అర్హత. కేంద్ర కార్మిక శాఖ కింద ముంబైలో సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నై సహా మరికొన్ని నగరాల్లో రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్లు పారిశ్రామిక భద్రతలో డిప్లొమా నడుపుతాయి. పరిశ్రమల్లో ఆ పట్టాకున్న విలువ వేరు. కానీ అది పగటిపూట పూర్తికాలం చదవాల్సిన కోర్సు. ఉద్యోగం చేస్తూ రాత్రి చదివేది కాదు. ఇక ప్రతి పట్టణం బస్టాండు దగ్గరా కనిపించే ‘ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా’ బోర్డుల సంగతి జాగ్రత్తగా చూడాలి. వాటిలో పనికొచ్చే విషయాలు నేర్పేవీ ఉండొచ్చు. కానీ నియమం అడిగేది ‘రాష్ట్ర ప్రభుత్వం ఈ పని కోసం గుర్తించిన’ డిప్లొమాను. సంస్థకు రిజిస్ట్రేషన్ ఉండటం వేరు, దాని డిప్లొమాకు సేఫ్టీ ఆఫీసర్ అర్హతగా గుర్తింపు ఉండటం వేరు. మొదటిదాన్ని చూపించి రెండోది ఉన్నట్టు మాట్లాడేచోటే అభ్యర్థులు మోసపోతారు.

ఇవి కాక రాత్రి చదువుకు నిజంగా వీలైనది ఒకటుంది. బ్రిటన్‌లో 1979లో ఏర్పడిన నెబోష్ అనే పరీక్షల బోర్డు ఇచ్చే ఇంటర్నేషనల్ జనరల్ సర్టిఫికెట్. గల్ఫ్ దేశాల్లో నిర్మాణ, చమురు కంపెనీలు దీన్ని అడుగుతాయి. అందుకే తెలుగు జిల్లాల్లో ఆ పేరు బాగా పాకింది. ఇందులో చేరడానికి ఫలానా డిగ్రీ ఉండాలన్న నిబంధన లేదు. క్లాసులు ఆన్‌లైన్‌లో వినొచ్చు. కానీ మన నియమాలు అడిగే డిప్లొమాకు బదులుగా దీన్ని చూపించి సేఫ్టీ ఆఫీసర్ అయిపోవచ్చని అనుకోకూడదు. ఇది వేరే దారి. ఆ దారిలోనూ కంపెనీలు సైటు అనుభవం అడుగుతాయి.

ఆ పరీక్ష తీరు తెలిస్తే గుమాస్తాకు ఎక్కడ సులువో, ఎక్కడ కష్టమో అర్థమవుతుంది. దాంట్లో రెండు భాగాలు. మొదటిది పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాసే పరీక్ష. ఒక పని ప్రదేశాన్ని కథలా వర్ణించి, అక్కడ జరిగినవాటి మీద ప్రశ్నలు వేస్తారు. జవాబులు పంపడానికి ఇరవై నాలుగు గంటల గడువుంటుంది. పుస్తకం చూసి రాసేదే కదా అనుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. పుస్తకంలోని వాక్యాలు ఎత్తి రాస్తే మార్కులు రావు, ఆ కథలోని ఫలానా సంఘటన నుంచే ఆధారం చూపాలి. ఫైలు చదివి, ఏ పేజీలో ఏముందో చెబుతూ నోట్ రాసే అలవాటున్న గుమాస్తాకు ఇది కొత్త విద్య కాదు. కష్టమల్లా భాషతోనే. తెలుగులో ఆ పరీక్ష లేదు, జవాబులు ఇంగ్లిష్‌లో పేజీలకు పేజీలు రాయాలి.

రెండో భాగం ఏదైనా నిజమైన పని ప్రదేశానికి ప్రమాదాల అంచనా తయారుచేయడం. కనీసం ఐదు రకాలకు చెందిన పది ప్రమాద కారణాలు గుర్తించి, ఒక్కోదానికి ఇప్పుడేం జాగ్రత్తలున్నాయో, ఇంకేం కావాలో, ఎవరు ఎప్పటికి చేయాలో రాయాలి. వాటిలో అన్నిటికన్నా ముందు చేయాల్సిన మూడు పనులను ఎంచి, ఎందుకు ముందో నైతికంగా, చట్టపరంగా, డబ్బు లెక్కన సమర్థించాలి. మన ఉదాహరణలోని ఆమె వేరే ప్రదేశం వెతుక్కోనక్కర్లేదు. బల్ల మీదున్న సెప్టిక్ ట్యాంకు శుభ్రత ఫైలే చాలు.

ఆ అంచనా ఎలా సాగుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. మ్యాన్‌హోల్‌లోకి మనిషి దిగడంలో ఉన్న ప్రమాదం కంటికి కనిపించదు. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 20.9 శాతం. అది 19.5 శాతం కన్నా తగ్గితే లోపలికి దిగకూడదు. కుళ్లిన మడ్డిలోంచి మీథేన్ వస్తుంది, అది నిప్పంటుకునేది. హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా వస్తుంది, అది విషం. హైడ్రోజన్ సల్ఫైడ్‌ది మొదట్లో కుళ్లిన గుడ్డు వాసన. గాలిలో పది లక్షల వంతులకు వంద వంతులు, అంటే వంద పీపీఎం స్థాయికి చేరితే కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది కాబట్టి గ్యాస్ పోయిందనుకుని దిగినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటారు. అగ్గిపుల్ల గీసి చూడటం, కోడిని దించి చూడటం లాంటి పాత పద్ధతులు దేన్నీ సరిగ్గా కొలవవు. అగ్గిపుల్ల మీథేన్‌ను అంటించి పేలుడుకే దారితీయొచ్చు.

సరైన పద్ధతి నాలుగు వాయువులను కొలిచే గ్యాస్ మీటరు. ముందు ఆక్సిజన్, తర్వాత మండే వాయువులు, ఆపైన విషవాయువులు చూడాలి. మూత దగ్గర, మధ్యలో, అడుగున విడివిడిగా కొలవాలి. మీథేన్ గాలి కన్నా తేలిక కాబట్టి పైకి లేస్తుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కన్నా బరువు కాబట్టి అడుగున కూడుతుంది. మూత దగ్గర ఒక్కసారి కొలిచి, బాగానే ఉందని మనిషిని దించడంలో ఇంకో పొరపాటు దాగి ఉంది. గడ్డకట్టిన మడ్డిని పారతో కదిలించగానే అందులో చిక్కుకున్న గ్యాస్ ఒక్కసారిగా బయటికొస్తుంది. దిగేటప్పుడు సురక్షితంగా ఉన్న గాలి అయిదు నిమిషాల తర్వాత అలాగే ఉంటుందన్న హామీ లేదు. అందుకే మీటరు మనిషి ఒంటి మీదే ఉండి, పని జరిగినంతసేపూ కొలుస్తూనే ఉండాలి.

ఇప్పుడు అంకెలు వేయాలి. ప్రమాదం జరిగే అవకాశానికి ఒకటి నుంచి ఐదు, జరిగితే కలిగే నష్టానికి ఒకటి నుంచి ఐదు ఇచ్చి రెండింటినీ గుణిస్తారు. మీటరు, గాలి సరఫరా ఏవీ లేకుండా మనిషిని దించితే అవకాశం నాలుగు, నష్టం ఐదు, మొత్తం ఇరవై. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ మామూలుగా చేసే తప్పు, మూతికి మాస్కు కట్టించి నష్టాన్ని ఐదు నుంచి రెండుకు దించేయడం. గుడ్డ మాస్కు దుమ్మును ఆపుతుందేమో గానీ గ్యాస్‌ను ఆపదు, లేని ఆక్సిజన్‌ను పుట్టించలేదు. ఆక్సిజన్ లేనిచోట బయటి నుంచి గాలి అందించే పరికరం తప్ప మరేదీ పనికిరాదు. ఈ ఫైలులో నష్టం ఎప్పుడూ ఐదే, తగ్గించగలిగేది అవకాశాన్ని మాత్రమే. దానికి అన్నిటికన్నా గట్టి ఉపాయం మనిషిని అసలు దించకపోవడం. సక్షన్, జెట్టింగ్ యంత్రాలతో పైనుంచే శుభ్రం చేయిస్తే అవకాశం ఒకటికి, మొత్తం ఐదుకు పడిపోతుంది. ఇదే భద్రతా శాస్త్రంలోని వరస: ముందు ప్రమాదాన్ని తొలగించడం, కుదరకపోతే అదుపు చేయడం, తొడుగులు, మాస్కులు చిట్టచివర.

ఇంకొకటి కూడా రాయాలి. లోపల ఒకరు కుప్పకూలగానే పైనున్న అన్నో, తోటి కూలీయో కాపాడదామని దూకేస్తారు. ఒకే గుంటలో ఇద్దరు ముగ్గురు చనిపోయే ఘటనల వెనక ఉండేది చాలాసార్లు ఇదే. దిగక తప్పని పని అయితే ఒంటికి బెల్టు, పైన మూడు కాళ్ల స్టాండు, తాడుతో పైకి లాగే చక్రం ముందే అమర్చి ఉండాలి. కాపాడటమంటే పైనుంచి లాగడమే, లోపలికి దూకడం కాదు.

చట్టం సంగతికొస్తే ఈ పని ఇప్పటికే నిషిద్ధం. తగిన పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మురుగు కాలువలో, సెప్టిక్ ట్యాంకులో మనిషి చేత పని చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. స్థానిక సంస్థ నేరుగా చేయించినా, కాంట్రాక్టరు ద్వారా చేయించినా నేరమే. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మురుగు కాలువలో చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలివ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలకు పెంచింది. డబ్బు లెక్కన సమర్థించడమంటే ఇదే. నాలుగు వాయువుల మీటరు ధరను ముప్పై లక్షల పక్కన పెడితే కమిషనరుకు వేరే వివరణ అక్కర్లేదు.

ఇంత చదివాక మన ఉదాహరణలోని ఆమె మళ్లీ ఆ రెండు గంటల దగ్గరికొస్తుంది. వాటిని ఆశించే పుస్తకం ఇంకొకటుంది. జూనియర్ అసిస్టెంటు నుంచి సీనియర్ అసిస్టెంటుగా పదోన్నతి రావాలంటే పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే డిపార్ట్‌మెంటల్ టెస్టులు, ముఖ్యంగా అకౌంట్స్ టెస్టు పాస్ కావాలి. ఆమె ఇంకా రాయలేదు. తనకన్నా వెనక చేరినవాళ్లు రాసి ముందుకెళ్తే ఆ వెనకబాటు తర్వాత ప్రతి పదోన్నతిలోనూ కనిపిస్తుంది. పైగా ప్రైవేటు కొలువు కోసం రాజీనామా చేస్తే పింఛను నిబంధనల ప్రకారం అంతకుముందు చేసిన సర్వీసు రద్దవుతుంది. ఉద్యోగంలో ఉంటూనే బయట జీతానికి సేఫ్టీ పని చేయడం ప్రవర్తనా నియమావళి రీత్యా కుదరదు.

అన్నీ కలిపితే ఆమెకు తేలిందిది. రాష్ట్రంలో చట్టం ఒప్పుకునే సేఫ్టీ ఆఫీసర్ కావాలంటే ఇంకా రెండు నుంచి నాలుగేళ్లు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేయాలి, ఆ తర్వాత పగటి డిప్లొమా చేయాలి. రాత్రి చదువుతో ఆ రెండూ పూడవు. గల్ఫ్‌కు వెళ్లే ఉద్దేశం ఆమెకు లేదు. కాబట్టి ఈ ఏడాది ఫీజు కట్టకూడదన్నది సరైన నిర్ణయం. ఆ రాత్రులు అకౌంట్స్ టెస్టుకు పోతాయి. అదే సంగతి, ఫ్యాక్టరీలో ఐదేళ్లు షిఫ్టు నడిపి వచ్చిన గుమాస్తా విషయంలో వేరుగా ఉండేది. అతని ముందుండే ప్రశ్న పగటి డిప్లొమాకు సెలవు దొరుకుతుందా అన్నదొక్కటే. బీకాం చదివి నేరుగా మున్సిపాలిటీలో చేరినవారికైతే ఈ దారి మొదట్లోనే మూసుకుపోతుంది. వారికి ఆశ చూపి ఫీజు వసూలు చేయడం అన్యాయం.

కానీ ఆ ఫైలు మాత్రం ఆమె బల్ల మీద అలాగే ఉంది. మున్సిపాలిటీలో ప్రమాదం ఆగేదో ఆగనిదో తేలే కాగితాల్లో టెండరు షరతులు ఒకటి, వాటి మొదటి ముసాయిదా చాలాచోట్ల గుమాస్తా చేతిలోనే తయారవుతుంది. మురుగు కాలువల, సెప్టిక్ ట్యాంకుల శుభ్రతకు కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2018లో విడుదల చేసిన పద్ధతుల పత్రం ఉచితంగా దొరుకుతుంది. దాని ఆధారంగా ఆమె నోట్‌లో నాలుగు వాక్యాలు చేర్చగలదు: పని యంత్రంతోనే జరగాలి, కాంట్రాక్టరు దగ్గర గ్యాస్ మీటరు ఉన్నట్టు తనిఖీ చేయాలి, ఇంజినీరు రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరూ దిగకూడదు, పైకి లాగే స్టాండు లేకుండా పని మొదలుపెట్టకూడదు. వీటిని రాయడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. సంతకం పెట్టేది పైఅధికారి అయినా, రాయకపోతే ఆ షరతులు ఎవరి కంటా పడవు.

సేఫ్టీ కోర్సులో చేరాలనుకునే ఉద్యోగులు ఫీజు కట్టకముందే రెండు పనులు చేయాలి. తమ డిగ్రీ మెమో, ఎక్స్‌పీరియన్స్ లెటర్ పక్కన పెట్టుకుని సూపర్‌వైజరు హోదాలో గడిచిన ఏళ్లను నిజాయితీగా లెక్కపెట్టాలి. తర్వాత, చేరబోయే డిప్లొమా పేరు రాసి, సేఫ్టీ ఆఫీసర్ అర్హతగా దానికి గుర్తింపు ఉందా అని ఫ్యాక్టరీల శాఖ జిల్లా కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగాలి. సమాచార హక్కు చట్టం కింద ఈ ప్రశ్న వేయడానికి అయ్యే ఖర్చు పది రూపాయలు, జవాబు రావాల్సిన గడువు ముప్పై రోజులు.